ముందు కాలు అడ్డంగా పడే పన్నెండేళ్ల బౌలర్

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా బడిలో 12 ఏళ్ల కుర్రవాడు టెన్నిస్ బంతితో చాలా వేగంగా వేసేవాడు. ఈ ఏడాది సిమెంటు మీద పరిచిన మ్యాటింగ్ వికెట్‌పై తోలు బంతితో మొదలుపెట్టించాను. కుడిచేతి బౌలర్. ఇరవై అంగల రనప్‌తో వస్తాడు కానీ క్రీజు దగ్గర తడబడతాడు. ఓవరుకు రెండు మూడు నో బాల్స్ పడుతున్నాయి. ముందు కాలు అడ్డంగా పడుతోంది. కాలు తిన్నగా పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా మారడం లేదు. రెండు వారాలుగా బౌలింగ్ అయ్యాక నడుము ఎడమవైపు నొప్పి అంటున్నాడు. మా మైదానంలో స్టంప్స్ వెనక వాలీబాల్ కోర్టు ఉన్నందువల్ల పిల్లలు పక్కనుంచి పరుగెత్తుకొచ్చి వేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

సమాధానం: మాస్టారూ, ఆ అబ్బాయి చేత రేపటి నుంచి బౌలింగ్ చేయించకండి. మిగతా విషయాలన్నీ దాని తరువాతే. కుడిచేత్తో వేగంగా వేసే పిల్లవాడికి నడుము కింది భాగంలో ఎడమవైపు నొప్పి మొదలై రెండు వారాలు ఉందంటే, దాన్ని కండరాల నొప్పిగా కొట్టిపారేయడానికి వీలు లేదు. ఎదిగే వయసులో వెన్నెముక చివరి పూసల వెనక భాగంలో ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. అక్కడ ఒకే చోట పదే పదే ఒత్తిడి పడితే సన్నని చీలిక వస్తుంది. దానినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఫాస్ట్ బౌలర్లలో అది ఎక్కువగా బంతి వేసే చేతికి ఎదుటి పక్కన, అంటే కుడిచేతి వాటానికి ఎడమవైపున కనిపిస్తుంది. అబ్బాయిని ఎడమ కాలి మీద ఒంటికాలితో నిలబెట్టి మెల్లగా వెనక్కి వంగమని చెప్పినప్పుడు అదే చోట నొప్పి పుడితే అనుమానం ఇంకా బలపడుతుంది. నొప్పి పుట్టకపోయినా వైద్యుడికి చూపించవలసిందే. తల్లిదండ్రులతో మాట్లాడి ఎముకల వైద్యుడి దగ్గరకు పంపండి, వాడు ఫాస్ట్ బౌలింగ్ చేస్తాడన్న సంగతి ఆయనకు తప్పక చెప్పించండి. తొలి దశలోని చీలిక మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు కనుక, అవసరమైతే ఎంఆర్ఐ తీయించాలా అని అడగమనండి. నొప్పి మాత్ర వేసి ఆడించడం మాత్రం వద్దే వద్దు.

ఈ దెబ్బ ఎంత పెద్ద బౌలర్నయినా ఆపగలదు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీకి 1973లో వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు వచ్చాయి. ఆయన చాలాకాలం ఆటకు దూరంగా ఉండి, శరీరాన్ని తీర్చిదిద్దుకుని, యాక్షన్‌ను కూడా సరిదిద్దుకుని తిరిగి వచ్చాడు. 1987 నుంచి చెన్నైలోని ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన దేశపు కుర్ర బౌలర్లకు శిక్షణ ఇచ్చింది కూడా ఆయనే. మీ అబ్బాయికి వైద్యుడు అనుమతి ఇచ్చేదాకా ఎన్ని వారాలైనా, ఎన్ని నెలలైనా ఆగవలసిందే. ఈలోగా కింద రాసినదంతా మీ మిగతా పిల్లలతో మొదలుపెట్టండి. అదే మైదానంలో అదే దారిన పరుగెత్తేవాళ్లు కాబట్టి అదే తప్పు వాళ్లలోనూ కొంత ఉండే ఉంటుంది.

కాలు తిన్నగా పెట్టమంటే వాడు ఎందుకు పెట్టలేకపోతున్నాడో చూద్దాం. వెనక కాలు నేల తాకిన తరువాత ముందు కాలు పడడానికి పట్టే సమయం రెప్పపాటు కన్నా పెద్దది కాదు. అంత తక్కువ వ్యవధిలో ఏ పిల్లవాడూ ఆలోచించి పాదం దిశ మార్చుకోలేడు. ముందు కాలు ఎక్కడ పడాలన్నది పరుగు వచ్చిన దిశా, గెంతిన తీరూ, వెనక పాదం పడిన కోణమూ అంతకు ముందే తేల్చేసి ఉంటాయి. మీరు చెప్పింది వాడు వినకపోవడం వల్ల జరుగుతున్న తప్పు కాదిది. వాడు గాలిలో ఉండగా అందే సలహా వాడికి ఉపయోగపడదు, అంతే.

ముందుగా ఆ పాదాల్ని చదవడం నేర్చుకోవాలి. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు, ఒక డబ్బా ముగ్గుపిండి చాలు. సున్నం వాడకండి, కంట్లో పడితే ప్రమాదం. బౌలింగ్ క్రీజు నుంచి పాపింగ్ క్రీజు దాటి రెండు అడుగుల దాకా పలచగా ముగ్గుపిండి చల్లి, పిల్లవాణ్ణి తన మామూలు పరుగుతో వచ్చి బంతి లేకుండా వేసినట్టు వేసి వెళ్లిపొమ్మనండి. రెండు పాదముద్రలు స్పష్టంగా మిగులుతాయి. వెనక పాదముద్ర మధ్య నుంచి అవతలి చివర మిడిల్ స్టంప్ దాకా ఒక దారం లాగి పట్టండి. ముందు పాదముద్ర ఆ దారం మీద గానీ, పాదం వెడల్పు మేర అటూ ఇటూ గానీ ఉంటే సరిపోతుంది. కుడిచేతి బౌలర్ పాదం దారానికి కుడివైపు జానెడు పడిందంటే వాడు తన దారికి తానే అడ్డం వేసుకున్నట్టు. తుంటి తిరగడానికి చోటు ఉండదు, చేయి మాత్రం తిరిగి తీరాలి, ఆ మెలి అంతా నడుము మీద పడుతుంది. పాదం దారానికి ఎడమవైపు బాగా దూరంగా పడితే శరీరం పక్కకు ఒరిగిపోయి బంతి గురి తప్పుతుంది. ముద్రలోని వేళ్ల దిశ కూడా చూడండి. అవి బ్యాట్స్‌మన్ వైపు ఉండాలి. కొద్దిగా పక్కకు తిరిగినా నష్టం లేదు కానీ, క్రీజు గీతకు సమాంతరంగా అడ్డం తిరిగి ఉంటే మోకాలికి చేటు. ఒక్క ముద్రతో తీర్పు చెప్పకుండా ఆరుసార్లు వేయించి, ఆరింటినీ చూసి చెప్పండి.

మీరు ఉత్తరం చివర రాసిన వాలీబాల్ కోర్టు సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. ఓవర్ ది వికెట్ వేసే కుడిచేతి బౌలర్ స్టంప్స్‌కు ఎడమ పక్కగా దాటుతాడు. వాడి వెనక తిన్నగా దారి లేక, ఎడమవైపు మిడాఫ్ దగ్గరనుంచి ఏటవాలుగా పరుగెత్తుకొచ్చాడంటే శరీరం బరువంతా కుడివైపుకు దూసుకుపోతూ ఉంటుంది. ముందు కాలు కూడా అటే పోయి పడుతుంది. అంటే పిల్లవాడి కాలు వాడు పరుగెత్తే దారినే పాటిస్తోంది. కాబట్టి యాక్షన్ జోలికి పోకముందు దారి మార్చండి. వాలీబాల్ స్తంభాల్ని ఆ గంటసేపు తీయించగలిగితే తీయించండి, లేదంటే రెండో చివరనుంచి మాత్రమే బౌలింగ్ చేయించండి. రనప్ దారిలో మూడు అడుగుల ఎడంతో రెండు ముగ్గుపిండి గీతలు క్రీజు దాకా గీసి, పిల్లలు వాటి మధ్యనే పరుగెత్తేలా చూడండి. పూర్తిగా నిట్టనిలువుగా కాకుండా కొద్దిపాటి వంపు ఉన్నా ఫర్వాలేదు, కానీ చివరి నాలుగు అంగలూ మాత్రం బంతి పోవలసిన వైపే సాగాలి. దారి ఒక్కటి మారిస్తే చాలామంది పిల్లల్లో జానెడు అడ్డం రెండు మూడు వేళ్లకు తగ్గడం నేను చూశాను.

మిగిలిన తప్పు సాధారణంగా వెనక పాదంలోనూ భుజాల్లోనూ ఉంటుంది. వెనక పాదం నేల తాకిన క్షణంలో, స్టంప్స్ వెనకనుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి అక్కడ ఆపి చూడండి. పాదం క్రీజు గీతకు సమాంతరంగా ఉంటే తుంటీ భుజాలూ కూడా పక్కకు తిరిగి ఉండాలి. అది సైడాన్ యాక్షన్. పాదం వేళ్లు బ్యాట్స్‌మన్ వైపు ఉంటే ఛాతీ కూడా అటే ఉండాలి. అది ఫ్రంటాన్ యాక్షన్. రెంటికీ మధ్యస్థంగా పాదం ఏటవాలుగా ఉంటే పై భాగమూ అంతే ఏటవాలుగా ఉండాలి. ఈ మూడింటిలో ఏదైనా మంచిదే. పాదం ఒక వైపు, భుజాలు మరో వైపు చూసే మిశ్రమ యాక్షన్‌తోనే ముప్పు. అప్పుడు భుజాలు మొదట వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరగవలసి వస్తుంది. కింద తుంటి కదలకుండా పైన భుజాలు అలా మెలితిరిగితే ఆ రెంటి మధ్య నలిగేది నడుమే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ఎడమ భుజం మీదుగా బ్యాట్స్‌మన్‌ను చూడమని ప్రతి పిల్లవాడికీ చెప్పేవాణ్ణి. నాకు నేర్పినవాళ్లు అలాగే చెప్పారు. సహజంగా వెనక పాదం ముందుకే పెట్టే ఒక కుర్రవాడు నా మాట విని, పాదం అలాగే ఉంచి భుజాల్ని మాత్రం తిప్పుకున్నాడు. చూడడానికి యాక్షన్ అందంగా కనిపించింది, నేను సంతోషించాను. ఆ సీజన్ సగంలో వాడి నడుము పట్టేసింది, మిగిలిన సగం ఆడలేకపోయాడు. అప్పటినుంచి నేను పిల్లవాడి వెనక పాదం సహజంగా ఎలా పడుతుందో ముందు చూసి, పై భాగాన్ని దానికి అనుగుణంగా సర్దుతాను. మీ అబ్బాయికి కూడా ఎవరైనా ఇలాంటి సలహా ఇచ్చారేమో ఒకసారి అడగండి. టీవీలో చూసి అనుకరిస్తున్నాడేమో కూడా కనుక్కోండి. బుమ్రాలా చేతులు చాచి వేసే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ యాక్షన్ ఆయన శరీరానికి కుదిరింది, అయినా ఆయనకు కూడా 2019లో నడుము దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది.

నేర్పే క్రమం విషయానికి వస్తే, పరుగు నుంచి క్రీజుకు కాకుండా క్రీజు నుంచి వెనక్కి నేర్పాలి. మొదటి మెట్టులో పరుగు లేదు, గెంతు లేదు. పిల్లవాడు రెండు పాదాలూ దారం మీద సరైన చోట పెట్టి నిలబడి, బరువు వెనక కాలి మీదికి ఊపి, మళ్లీ ముందు కాలి మీదికి తెచ్చి బంతి వదులుతాడు. టెన్నిస్ బంతి చాలు, పన్నెండు గజాల దూరం చాలు. రెండో మెట్టులో వెనక కాలి మీద నిలబడి, ముందు మోకాలు నడుము ఎత్తుకు లేపి, అడుగు వేసి బంతి వేస్తాడు. ఇక్కడ ఒక పని తప్పక చేయించండి. కొన్ని బంతులకు చేయి తిప్పకుండా కేవలం ముందు కాలు మోపి, రెండు లెక్కపెట్టేదాకా శిలలా నిలవమనండి. తూలకుండా నిలవగలిగితే ఆ కాలు బరువు మోయడానికి సిద్ధంగా ఉన్నట్టు. మోకాలు లోపలికి వాలిపోతే ఇంకా సిద్ధం కాలేదు. వాడికి బౌలింగ్ కంటే ముందు ఒంటికాలి గుంజీలు అవసరం. మూడో మెట్టు మూడు అంగల నడక, నాలుగోది చిన్న గెంతుతో ఐదు అంగల మెల్లని పరుగు. ముగ్గుపిండి మీద పదింటిలో ఎనిమిది ముద్రలు దారానికి దగ్గరగా పడితేనే పై మెట్టు ఎక్కించండి. పిల్లలు తొందరపెడతారు, మీరు తొందరపడకండి. రెండు మూడు వారాలు ఒకే మెట్టు మీద ఉన్నా నష్టం లేదు. గెంతు ఎత్తుగా కాకుండా ముందుకు, తక్కువ ఎత్తులో సాగాలి. ఎంత ఎత్తునుంచి దిగితే కాలికి అంత దెబ్బ.

ముందు మోకాలి గురించి తొందరపాటు సలహాలు చాలా వినిపిస్తాయి. వేగంగా వేసే పెద్ద బౌలర్లలో చాలామంది ముందు కాలిని కర్రలా నిటారుగా ఉంచుతారు. పరుగులోని ఊపు అక్కడ ఆగి, పై భాగం దానిమీదుగా విసురుగా వెళుతుంది. వేగం అలా వస్తుంది. కానీ ఆ క్షణంలో పెద్ద ఫాస్ట్ బౌలర్ ముందు కాలి మీద పడే బలం శరీరపు బరువుకు ఐదు రెట్లకు పైగా ఉంటుంది. నిటారు కాలు ఆ దెబ్బను మెత్తబరచకుండా తుంటికీ నడుముకీ అందిస్తుంది. పన్నెండేళ్ల వాడికి కాలు బిగించమని చెప్పవద్దు. మోకాలు కొద్దిగా వంగి దెబ్బను తీసుకుని, కూలిపోకుండా నిలిస్తే ఈ వయసుకు అది చాలు. మోకాలు పూర్తిగా కూలిపోతోందంటే చాలాసార్లు అంగ మరీ పొడవుగా ఉందని అర్థం. పక్కనుంచి తీసిన వీడియోలో ముందు పాదం శరీరానికి చాలా దూరంగా వెళ్లి, మడమ సుత్తిలా దిగడం కనిపిస్తుంది. అప్పుడు ఆ అంగను అరపాదం మేర కుదించండి. ముగ్గుపిండి మీద కూడా ఇది తెలుస్తుంది. మడమ దగ్గర పిండి చెదిరి గుంటలా ఉండి, వేళ్ల ముద్ర సరిగా పడకపోతే కాలు మరీ ముందుకు పోతున్నట్టు.

ఇక రనప్. ఇరవై అంగలు ఆ వయసుకు చాలా ఎక్కువ. పదో అంగకే పిల్లవాడు తన పూర్తి వేగాన్ని అందుకుంటాడు, ఆ తరువాత మిగిలేది అలసటా, క్రీజు దగ్గర అంగలు కుదించుకునే తడబాటూ. తొమ్మిది అంగలతో మొదలుపెట్టండి. బేసి సంఖ్యకు కారణం ఉంది. కుడిచేతి బౌలర్ ఎడమ కాలితో గెంతి, కుడి కాలిమీద దిగి, ఎడమ కాలు ముందుకు పెడతాడు. మొదటి అంగ ఎడమ కాలితో వేస్తే ఐదో, ఏడో, తొమ్మిదో అంగ కూడా ఎడమదే అవుతుంది. సరి సంఖ్య పెడితే గెంతవలసిన చోట కుడి కాలు వస్తుంది, పిల్లవాడు ఒక చిన్న దొంగ అంగ వేసి సర్దుకుంటాడు. మీరు చూసిన తడబాటు చాలావరకు అదే అయి ఉంటుంది. వాడు ఒక్కోసారి ఒక్కో కాలితో మొదలుపెడుతున్నాడేమో గమనించండి.

దూరం కొలవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. పిల్లవాణ్ణి పాపింగ్ క్రీజు మీద స్టంప్స్ వైపు, అంటే బ్యాట్స్‌మన్‌కు వీపు పెట్టి నిలబెట్టండి. అక్కడినుంచి రనప్ దారిన వెనక్కి, కళ్లు కాళ్లవైపు పోకుండా, తొమ్మిది అంగలు పరుగెత్తి గెంతి బంతి వేసినట్టు వేయమనండి. ముందు పాదం ఎక్కడ పడిందో మీరు గుర్తు పెట్టండి. ఇలా ఐదారుసార్లు చేయిస్తే గుర్తులన్నీ ఒక చిన్న గుంపుగా వస్తాయి. ఆ గుంపు మధ్య చోటే వాడి రనప్ మొదలు. అక్కడినుంచి తిరిగి క్రీజు వైపు పరుగెత్తించి ముందు పాదం ఎక్కడ పడుతోందో చూసి, గుర్తును ముందుకో వెనక్కో జరపండి. ముందు పాదంలో కొంత భాగమైనా, నేలకు ఆనినా గాలిలో ఉన్నా, పాపింగ్ క్రీజు వెనక ఉంటే బంతి సరైనదే. కానీ సాధనలో మడమ గీతకు ఆరు అంగుళాలు వెనక ఉండేలా చూస్తే మ్యాచ్‌లో ఉత్సాహంతో కాస్త ముందుకు వచ్చినా నో బాల్ కాదు. నో బాల్ పడినప్పుడల్లా కాలు వెనక్కి పెట్టమని అరవకండి. కాలు అలాగే ఉంచి, మొదలు గుర్తును వెనక్కి జరపండి. గీతను చూస్తూ పరుగెత్తే పిల్లవాడి తల వంగుతుంది, తల వంగితే వేసేటప్పుడు శరీరం పక్కకు ఒరుగుతుంది. ఆ వయసులో కాళ్లు నెలనెలా పెరుగుతాయి కనుక రెండు నెలలకొకసారి మళ్లీ కొలవండి.

పరిచిన నేల గురించి కూడా చెప్పాలి. మ్యాటింగ్ వికెట్లలో రనప్ మట్టిమీద ఉంటుంది, పాదాలు పడే చోట సిమెంటు పలక ఉంటుంది. ఆ రెంటి మధ్య రెండు మూడు అంగుళాల మెట్టు ఏర్పడితే, గెంతే కాలు సరిగ్గా దాని అంచుమీద పడవచ్చు. ఒండ్రుమట్టి తడిపి పోసి, దిమ్మిస కొట్టి పలకకు సమంగా చేయించండి. మ్యాట్ వదులుగా ఉంటే ముందు పాదం కింద ముడుచుకుని మడమ మెలితిరుగుతుంది. ప్రతి సాధనకు ముందు మేకులు తట్టించి బిగువుగా లాగించండి. పైకి లేచిన మేకును ఒక్కదాన్నీ వదలకండి. అరిగిన బూట్లతో గానీ, ఉత్త కాన్వాస్ బూట్లతో గానీ సిమెంటు మీద ఫాస్ట్ బౌలింగ్ వద్దు. మెత్తని మడమ ఉన్న రబ్బరు బూట్లు కావాలి. మొదటి మూడు మెట్లూ సిమెంటు మీద కాకుండా గడ్డినేల మీద చేయిస్తే పిల్లల కాళ్లకు హాయి.

ఎన్ని బంతులు వేయించాలన్న దానికి ఇంగ్లండ్ బోర్డు కుర్ర ఫాస్ట్ బౌలర్లకు పెట్టిన హద్దు నాకు నచ్చుతుంది. పదమూడేళ్ల లోపు వాళ్లకు ఒక స్పెల్‌లో ఐదు ఓవర్లు, రోజు మొత్తానికి పది ఓవర్లు. నేనైతే నెట్స్‌లో ఒక పూటకు ముప్ఫై బంతులు దాటనివ్వను, అదీ వారానికి రెండు పూటలే. పొద్దున బడి మైదానంలో, సాయంత్రం వీధిలో టెన్నిస్ బంతితో వేసిన ఓవర్లు కూడా ఆ నడుముకు ఓవర్లే, అందుకే పిల్లవాడి చేత ఒక చిన్న పుస్తకంలో రోజూ రాయించండి. బంతి బరువు కూడా చూడండి. పెద్దల బంతి 156 నుంచి 163 గ్రాములు, పదమూడేళ్ల లోపు వాళ్ల బంతి 133 నుంచి 144 గ్రాములు. చిన్న బంతి దొరకకపోతే టెన్నిస్ బంతితోనే సాధన సాగించండి. పూర్తి 22 గజాల దూరం కూడా అందరికీ అవసరం లేదు. బంతి అందడానికి పిల్లవాడు శరీరాన్ని పక్కకు విసురుతున్నాడనిపిస్తే దూరం రెండు గజాలు తగ్గించండి.

వైద్యుడు ఆడవచ్చని చెప్పిన రోజున మీ అబ్బాయిని తిరిగి రనప్ గుర్తు దగ్గరకు పంపకండి. మొదటి మెట్టు నుంచే, గడ్డి మీద, టెన్నిస్ బంతితో, రోజు విడిచి రోజు ఇరవై బంతులతో మొదలుపెట్టి, వారానికి ఒక మెట్టు చొప్పున ఎక్కించండి. ఏ మెట్టు మీదనైనా అదే చోట నొప్పి తిరిగి వస్తే ఆ పూటే ఆపించి, వైద్యుడికి మళ్లీ చూపించండి. ఐదు అంగల పరుగు నొప్పి లేకుండా సాగిన తరువాత తోలు బంతి చేతికివ్వండి. తొమ్మిది అంగలకు చేరాక మొదటి మ్యాచ్‌లో రెండు ఓవర్లే, ఒక్కో స్పెల్‌కు ఒక్క ఓవరు చొప్పున వేయించండి.